మా బిడ్డ సెక్షన్ మార్చండి సార్: నల్లగొండ నుంచి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి, ఏడో తరగతి క్లాస్ టీచర్ మేడం గారికి నమస్కారాలు.

నా కూతురు మీ బడిలో ఏడో తరగతి ఏ సెక్షన్‌లో చదువుతోంది. ఆమెను బి సెక్షన్‌కు మార్చమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇదే మాట జులైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి మీ ఆఫీసు గదిలో నిలబడి చెప్పాను. రెండుసార్లూ మీరు ఓపికగా విన్నారు. "పిల్లలన్నాక ఇవన్నీ ఉంటాయమ్మా, నాలుగు రోజులైతే వాళ్లే కలిసిపోతారు" అని పంపించారు. నాలుగు రోజులు కాదు, రెండు నెలలు దాటింది. అందుకే ఈసారి కాగితం మీద పెట్టాను. పేరు, రోల్ నంబరుతో దరఖాస్తు విడిగా మీ ఆఫీసులో ఇచ్చాను. ఈ లేఖను నలుగురూ చదివేలా రాయడానికి కారణం, మాలాగే మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి పిల్లల చదువు కోసం టౌన్‌కు వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా బిడ్డకు జరిగింది వాళ్ల పిల్లలకూ జరుగుతూ ఉండవచ్చు. బడి పేరు, పిల్లల పేర్లు ఇందులో రాయడం లేదు. మా బిడ్డను ఏడిపిస్తున్న నలుగురూ పన్నెండేళ్ల ఆడపిల్లలే. వాళ్ల పేర్లు ఊరంతా తిరగడం నాకు ఇష్టం లేదు.

మాది మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. పాప పుట్టినప్పుడు మా వాడకట్టులో అందరం బోరు నీళ్లే తాగేవాళ్లం. మా ఇంటికి భగీరథ నల్లా వచ్చి కృష్ణా నీళ్లు తాగడం మొదలుపెట్టేసరికి ఆమెకు ఐదేళ్లు. ముందు వరుస శాశ్వత పళ్ల పైపొర చిగుళ్ల లోపల తయారయ్యేది సరిగ్గా ఆ ఐదేళ్లలోనే అని తర్వాత దంతాల డాక్టరు చెప్పారు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎదిగే పళ్ల మీద దాని గుర్తు పడుతుంది. మా పాపకు పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చినప్పుడే వాటి మీద సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు, మధ్యలో గోధుమరంగు గీతలు ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లను పటికతో, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఇంత తెలిసిన జిల్లాలో, జిల్లా కేంద్రంలో, ఒక పిల్ల తన పళ్లు చూపించలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది.

క్లాసులో ఆమెకు పెట్టిన పేరు 'బోర్ వాటర్'. మొదట్లో ఒక పిల్ల అన్నది, తర్వాత నలుగురూ అన్నారు, ఇప్పుడు ఏ సెక్షన్‌లో సగం మందికి ఆమె అసలు పేరుకంటే అదే ముందు నోటికొస్తుంది. అంతటితో ఆగితే నేను మళ్లీ మీ దగ్గరికి వచ్చేదాన్ని కాదు. "ఆ పిల్ల బాటిల్ ముట్టుకుంటే మన పళ్లు కూడా అట్లనే అవుతయ్" అని చెప్పడం మొదలైంది. ఆ రోజు నుంచి పక్కన కూర్చునే పిల్ల కూడా తన టిఫిన్ డబ్బా తీసుకుని వేరే బెంచీకి వెళ్లింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, ఆమె నిజంగానే భయపడి ఉంటుంది.

నాకు విషయం తెలిసింది మా పాప చెప్పినందుకు కాదు. జులై మూడో వారంలో ఒకరోజు పొద్దున బాత్‌రూమ్‌లో చాలాసేపు నీళ్ల చప్పుడు రాకపోతే తలుపు తోశాను. ఊళ్లో మా అత్తమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న బొగ్గుపొడిలో ఉప్పు కలిపి, బ్రష్‌తో పళ్లు గట్టిగా రుద్దుకుంటోంది. సింక్ నిండా నల్లటి నురగ, అందులో చిగుళ్ల నుంచి కారిన రక్తం. "ఇంకొంచెం తోమితే పోతది అమ్మా" అన్నది. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఇది పాచి కాదు, ఆ మచ్చ పంటి పైపొరలోనే ఉంది, ఎంత తోమినా పోదు, ఇట్లా గీకితే ఉన్న పొర కూడా అరిగిపోతుంది, పెద్దయ్యాక కావాలంటే పైన పూత వేయించుకోవచ్చు అని ఆయన చెప్పారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని కూడా చెప్పారు. ఆ మాట మా పాప రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే చాలా గుర్తులు ముందే ఉన్నాయి. నిండా పోసి పంపిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది. నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కు వెళ్లాలి, వెళ్తే అక్కడ ఎవరో ఒకరు ఉంటారు, అందుకని తాగడం మానేసింది. ఆదివారం రాత్రి అయితే కడుపునొప్పి, సోమవారం పొద్దున వాంతి వచ్చినట్టుందని అనడం. శనివారం రాత్రి మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు. నేను దాన్ని హోంవర్క్ టెన్షన్ అనుకున్నాను. తల్లినై ఉండి కనిపెట్టలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

జులైలో నేను మొదటిసారి వచ్చినప్పుడు మేడం గారు రెండు పనులు చేశారు. రెండూ మంచి మనసుతో చేసినవే. కానీ రెండూ ఎందుకు పనిచేయలేదో చెప్పకపోతే నేను అడిగేది మీకు అర్థం కాదు.

మొదటిది, ఆ నలుగురినీ లేపి క్లాసు ముందే సారీ చెప్పించారు. మేడం గారు ఉన్నంతసేపూ అందరూ తల వంచుకుని నిలబడ్డారు. మరుసటి రోజు నుంచి పాత పేరుకు 'చాడీల పిల్ల' అనే పేరు తోడైంది. అప్పటివరకు ఏ పక్షమూ కాని పిల్లలు కూడా ఈమె వల్ల మా దోస్తులు తిట్లు తిన్నారని దూరం జరిగారు. అందరి ముందు చెప్పించిన సారీ, చెప్పినవాళ్లకు అవమానంగానే గుర్తుంటుంది. ఆ అవమానానికి బదులు తీర్చుకోవడానికి దొరికేది మళ్లీ మా బిడ్డే.

రెండోది, ఆమెను చివరి నుంచి రెండో బెంచీ మీద నుంచి తెచ్చి మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. టీచర్ కళ్ల ముందు ఉంటే ఎవరూ జోలికి రారని మేడం గారు అనుకున్నారు. నేనూ అదే అనుకుని సంతోషంగా ఇంటికి వెళ్లాను. కానీ మొదటి బెంచీలో కూర్చున్న పిల్లకు క్లాసు మొత్తం వీపు వెనకాలే ఉంటుంది. టీచర్ బోర్డు వైపు తిరిగి రాసేటప్పుడు జడ లాగినది ఎవరో, కాగితం ఉండ విసిరినది ఎవరో, వీపు మీద పెన్నుతో గీసింది ఎవరో ఆమెకు కనిపించదు. వెనక్కి తిరిగి చూస్తే "ముందుకు చూడు" అని ఆమెకే తిట్లు. వెనక బెంచీలో ఉన్నప్పుడు కనీసం ఎవరు వస్తున్నారో ముందే కనిపించేది. మొదటి బెంచీలో ఆ కాస్త ధైర్యం కూడా పోయింది. ఆ వారంలోనే ఆమె యూనిఫామ్ వెనక నీలం సిరాతో గీసిన పళ్ల బొమ్మ చూశాను. సబ్బుతో మూడుసార్లు ఉతికినా గీతలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ చొక్కా దాచి పెట్టాను. మీరు అడిగితే తెస్తాను.

ఆగస్టులో మీరు "ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నది స్పష్టంగా చెబితే చూస్తాం" అన్నారు. ఆ మాట న్యాయమే అనిపించింది. ఆ మర్నాటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. రోజూ సాయంత్రం పాలు తాగాక పది నిమిషాలు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏం జరిగింది, ఏ పీరియడ్, ఎక్కడ, ఎవరు చూశారు, అంతే. నా కోపం అందులో రాయలేదు, ఆమె చెప్పనిది కలపలేదు. ఏమీ జరగని రోజు 'ఈరోజు ఏమీ లేదు' అని రాశాను. అట్లాంటి రోజులు మూడు ఉన్నాయి. పన్నెండు పని దినాల్లో మొత్తం పద్నాలుగు సంఘటనలు ఉన్నాయి. నాకు కళ్లు తెరిపించింది ఈ లెక్క కాదు, అవి జరిగిన చోటు. పద్నాలుగింటిలో తొమ్మిది ఒక టీచర్ బయటికి వెళ్లి ఇంకో టీచర్ లోపలికి వచ్చేలోపు, ఆ ఐదు నిమిషాల్లో, క్లాస్‌రూమ్ లోపలే జరిగాయి. మూడు భోజనాల సమయంలో, రెండు మెట్ల దగ్గర. రోజూ వచ్చిపోయే ఆటోలో ఒక్కటి కూడా లేదు. ఆటోలో బి సెక్షన్ పిల్లలు ఇద్దరు, ఎనిమిదో తరగతి వాళ్లు ముగ్గురు ఉంటారు. వాళ్లతో మా పాప మామూలుగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా. అంటే ఆమె ఎవరితోనూ కలవలేని పిల్ల కాదు. ఒక గదిలో, ఒక గుంపుతో, టీచర్ లేని ఐదు నిమిషాల్లోనే ఈ బాధ అంతా ఉంది.

ఆ ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుందో ఒక్కటి చెబుతాను. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే బాధ్యత క్లాస్ లీడర్‌ది. ఆ లీడర్ ఈ నలుగురిలో ఒకరు. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మా పాప "అట్ల అనకండి" అంటుంది. వెంటనే బోర్డు మీద ఆమె పేరు ఎక్కుతుంది. తర్వాత పీరియడ్ సార్ వచ్చి బోర్డు చూసి ఆమెను నిలబెడతారు. నా నోట్‌బుక్‌లో ఇది నాలుగుసార్లు ఉంది. ఆ సార్‌ది తప్పు అనను, ఆయనకు కనిపించేది బోర్డు మీద పేరు మాత్రమే.

అందుకే బెంచీ మార్చడం చాలదు, సెక్షన్ మార్చమని అడుగుతున్నాను. బెంచీ ఏదైనా గది అదే, లీడర్ అదే, ఆ ఐదు నిమిషాలు అవే. బి సెక్షన్ గది కింద అంతస్తులో ఉంది. ఆటోలో వచ్చే ఒక అమ్మాయి అదే సెక్షన్. తన పక్కన కూర్చోబెట్టుకుంటానని ఆ అమ్మాయి తనంతట తానే అన్నదట, వాళ్ల అమ్మగారిని కూడా అడిగాను, సరే అన్నారు. కొత్త గదిలో మొదటి రోజు ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు దగ్గర నిలబడిపోవడమే పిల్లలకు అన్నిటికంటే కష్టం. అది లేకుండా చేయగలిగితే సగం పని అయినట్టే.

తప్పు చేసిన పిల్లలను మార్చకుండా బాధపడిన పిల్లను ఎందుకు మార్చాలి అని మా ఆయన అడిగారు. ఆ ప్రశ్న నన్నూ చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నలుగురిని బి సెక్షన్‌కు పంపితే బాధ వాళ్లతో పాటు అక్కడికి పోతుంది, ఏ సెక్షన్‌లో మిగిలిన సగం మంది నోట్లో ఆ పేరు అట్లాగే ఉంటుంది. చివరికి పాపనే అడిగాం. రెండు రోజులు ఆలోచించుకుని "నాకు కింది క్లాసే కావాలి" అన్నది. ఇది ఆమె తీసుకున్న నిర్ణయం. బడి తరఫున ఎవరైనా ఆమెతో మాట్లాడేటప్పుడు "నిన్ను పంపిస్తున్నాం" అనకుండా "నువ్వు అడిగావు కాబట్టి మారుస్తున్నాం" అంటే చాలు.

మార్కులు బాగా వచ్చేవాళ్లకు ఏ సెక్షన్, మిగతావాళ్లకు బి అని మీరు అన్నారు. ఆ సంగతి తెలిసే అడుగుతున్నాను. బి సెక్షన్‌లో వేస్తే తర్వాత ఏ సెక్షన్‌లోకి తిరిగి మార్చమని అడగనని దరఖాస్తులో సంతకం పెట్టాను. లెక్కల్లో బి సెక్షన్ ఒక పాఠం వెనక ఉందని తెలిసింది, అది ఆమెకు నష్టం కాదు. సైన్స్‌లో వాళ్లు ఒక పాఠం ముందున్నారు, దాన్ని దసరా సెలవుల్లో ఇంట్లో చదివిస్తాను. ఒక్కరికి మారిస్తే అందరూ అడుగుతారన్న భయం కూడా మీకు ఉండవచ్చు. ఎవరు అడిగినా పన్నెండు రోజుల రాత చూపించమనండి సార్. ఊరికే అడిగేవాళ్లు అంత ఓపిక పట్టరు.

ఆఫీసు పని కూడా పెద్దదేమీ కాదని తెలుసుకున్నాను. బడి మారడం లేదు కాబట్టి టీసీ అక్కర్లేదు, అడ్మిషన్ నంబరు మారదు. ఒక హాజరు పట్టికలో పేరు తీసి ఇంకో దాంట్లో రాయాలి, కొత్త రోల్ నంబరు ఇవ్వాలి, ఇప్పటివరకు వచ్చిన ఎఫ్ఏ మార్కులు ఆ సెక్షన్ రిజిస్టర్‌లోకి ఎక్కించాలి. ఎఫ్ఏ ఇరవై మార్కుల్లో ప్రాజెక్టుకు ఐదు ఉంటాయి. మొదటి ఎఫ్ఏలో నలుగురేసి గ్రూపు కట్టమంటే ఏ గ్రూపూ ఆమెను తీసుకోలేదు, ఒక్కతే చార్టు చేసుకుని తెచ్చింది. గ్రూపులో చేయలేదని అందులో రెండు మార్కులు పోయాయి. ఆ మార్కులు తిరిగి ఇవ్వమని అడగడం లేదు. బి సెక్షన్‌లో గ్రూపులు పిల్లలను కట్టుకోమనకుండా టీచర్ గారే కడితే బాగుంటుంది.

మార్పు చేసే రోజు గురించి ఒక్క మనవి. వారం మధ్యలో, పీరియడ్ జరుగుతుండగా, ఆయమ్మను పంపి "బ్యాగు తీసుకుని రా" అని పిలిపించకండి. అందరూ చూస్తుండగా పుస్తకాలు సర్దుకుని వెళ్లడమంటే ఆమెకు శిక్ష పడినట్టే ఉంటుంది. దసరా సెలవులు అయ్యాక బడి తెరిచే రోజు పొద్దున్నే నేరుగా బి సెక్షన్‌లో కూర్చునేలా చేయండి. పదమూడు రోజుల సెలవుల తర్వాత పిల్లలందరికీ చెప్పుకోవడానికి ఎన్నో కబుర్లు ఉంటాయి, ఎవరు ఏ గదిలోకి వెళ్లారన్నది అంత పట్టించుకోరు. ఆ తర్వాత వచ్చే ఎస్ఏ పరీక్షల్లో రోల్ నంబర్ల ప్రకారం కూర్చోబెట్టేటప్పుడు ఆమె పక్కన మళ్లీ ఆ నలుగురిలో ఒకరు రాకుండా ఒక్కసారి చూడండి. శనివారం ఆటల పీరియడ్ రెండు సెక్షన్లకూ కలిపే ఉంటుంది. అక్కడ జట్లు వేసేటప్పుడు పీఈటీ సార్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఒకవేళ సెక్షన్ మార్చడం ఏ విధంగానూ కుదరకపోతే, ఏ సెక్షన్‌లోనే బెంచీల విషయంలో ఇట్లా చేయమని అడుగుతాను. ఆమె ఒక్కదాన్ని మార్చకుండా క్లాసు మొత్తాన్ని ఒకేసారి మార్చండి, అప్పుడు ఎవరి కోసం మార్చారో తెలియదు. ఆ నలుగురినీ నాలుగు బెంచీలకు విడదీసి, మా పాప కంటే ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. ఆమెకు మూడో బెంచీ, నడిచే దారి వైపు చివర ఇవ్వండి. గోడ వైపు కూర్చుంటే లేచి వెళ్లాలన్నా ఇద్దరిని దాటాలి. వారం వారం వరుసలు తిప్పే పద్ధతి ఉంటే, ఆమెకు, పక్కన కూర్చునే అమ్మాయికి జత విడిపోకుండా ఇద్దరినీ కలిపే తిప్పండి. లీడర్ పేర్లు రాసే పద్ధతిని ఈ సంవత్సరానికి ఆపండి, లేదా లీడర్‌ను నెలకొకరిని చేయండి. పీరియడ్ మారే ఐదు నిమిషాలు ఎవరో ఒక టీచర్ వరండాలో నిలబడితే చాలు. ఇవన్నీ కలిపి చేస్తేనే పనిచేస్తాయి, ఒక్క బెంచీ మారిస్తే జులైలో అయినట్టే అవుతుంది.

సైన్స్ టీచర్ గారికి కూడా ఒక విన్నపం. ఫ్లోరైడ్ గురించి ఏడో తరగతి రెండు సెక్షన్లకూ ఒక పీరియడ్ చెప్పండి. బోరు నీళ్లు, పళ్ల పొర, అంటుకోదు అన్న విషయం, ఎముకలకు వచ్చే ఇబ్బంది, అన్నీ చెప్పండి. కానీ సెక్షన్ మారిన మొదటి వారంలో వద్దు. అప్పుడు చెబితే అందరి కళ్లూ ఆమె వైపే తిరుగుతాయి. నెల, నెలన్నర పోయాక చెప్పండి, మా పాప పేరు గానీ ఊరు గానీ తేకుండా చెప్పండి. ఆ నలుగురిలో ఒక అమ్మాయి అమ్మమ్మది చండూరు వైపే అని విన్నాను. ఆ పాఠం ఆ అమ్మాయికీ పనికొస్తుంది.

విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలకు శారీరక శిక్ష, మానసిక వేధింపు ఉండకూడదని చెబుతుంది. 1098కి ఫోన్ చేయమని మా పక్కింటావిడ రెండుసార్లు చెప్పారు. నేను చేయలేదు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు. మీ చేతిలో అయిపోయే పనిని బయటికి తీసుకెళ్లాలని నాకు లేదు. అయితే సెలవుల తర్వాత కూడా ఇట్లాగే ఉంటే ఊరుకోలేను, అది ముందే చెప్పడం మర్యాద అని రాస్తున్నాను.

వచ్చే వారం బడిలో బతుకమ్మ ఆడిస్తున్నారు. పోయినేడాది మా పాప ఊరి నుంచి తంగేడు పూలు తెప్పించుకుని రాత్రంతా పేర్చింది. ఈసారి ఆ రోజు బడికి పోనంటోంది. ఫొటోలు తీస్తారు, నవ్వమంటారు అని ఆమె భయం. నేను బలవంతం చేయలేదు.

ఈ శనివారం మధ్యాహ్నం ఆఖరి పీరియడ్ అయ్యాక నేను, మా ఆయన ఇద్దరం వస్తాం. నోట్‌బుక్, ఆ చొక్కా, డాక్టరు రాసిచ్చిన చీటీ తెస్తాం. మీరు, క్లాస్ టీచర్ మేడం గారు, వీలైతే బి సెక్షన్ క్లాస్ టీచర్ గారు ఒక అరగంట ఉండండి. మాట్లాడుకున్నది కాగితం మీద రాసుకుందాం: ఏ రోజు మారుస్తారు, ఏ బెంచీ, ఎవరి పక్కన, మార్చిన పదిహేను రోజులకు మళ్లీ ఎప్పుడు కలుద్దాం. ఆ పదిహేను రోజులూ నోట్‌బుక్ రాస్తూనే ఉంటాను. 'ఈరోజు ఏమీ లేదు' అన్న పేజీలు ఎక్కువైతే అవే తెచ్చి మీకు చూపిస్తాను.

ఇట్లు,
ఏడో తరగతి ఏ సెక్షన్ విద్యార్థిని తల్లి,
నల్లగొండ